పొరుగింటి టర్కీ వారికి బైరామ్ శుభాకాంక్షలు: ఏ మాట, ఏ రోజు

2025 మార్చి 30, ఆదివారం. మన పంచాంగం ప్రకారం ఆ రోజు విశ్వావసు నామ సంవత్సర ఉగాది. టర్కీ అధికారిక క్యాలెండరు ప్రకారం అదే రోజు రమజాన్ బైరామి మొదటి రోజు. భారతదేశంలో మాత్రం రంజాన్ పండుగ మార్చి 31, సోమవారం వచ్చింది. జర్మనీలోని కొలోన్‌లో ఒక తెలుగు కుటుంబం, పై అంతస్తులో ఒక టర్కీ కుటుంబం ఉన్నారనుకుందాం. హైదరాబాదు నుంచి బంధువులు పంపిన క్యాలెండరు చూసుకొని సోమవారం ఉదయం శుభాకాంక్షలు పంపితే ఆ సందేశం ఒక రోజు ఆలస్యంగా చేరుతుంది. పండుగ మూడు రోజులు కాబట్టి తప్పేమీ జరగదు గానీ, మొదటి రోజు పొద్దున్నే అందవలసిన మాట రెండో రోజు అందుతుంది. టర్కీ వారికి శుభాకాంక్షలు చెప్పడంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది మాటల దగ్గర కాదు, ఈ తేదీ దగ్గరే. అందువల్ల ముందు రోజుల సంగతి చూసి, ఆ తరువాత మాటలకు వద్దాం.

టర్కీలో బైరామ్ అంటే పండుగ. మతపరమైనవి రెండు: ఉపవాస మాసం ముగిసిన మరునాడు మొదలయ్యే రమజాన్ బైరామి, అది మొదలైన దాదాపు రెండు నెలల పది రోజులకు వచ్చే కుర్బాన్ బైరామి. రెండోదాన్ని మనం బక్రీద్ అంటాం. మొదటిది మూడు రోజులు, రెండోది నాలుగు రోజులు. రెండింటికీ ముందు రోజును అరిఫె అంటారు. ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ప్రభుత్వ సెలవు మొదలవుతుంది. అందుకే 1981 నాటి సెలవుల చట్టంలో వీటి నిడివి మూడున్నర రోజులు, నాలుగున్నర రోజులు అని ఉంటుంది. ఈ అర రోజు శుభాకాంక్షలు పంపేవారికి చాలా ముఖ్యం. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

ఈ పండుగలు హిజ్రీ చాంద్రమానాన్ని అనుసరిస్తాయి. మనదీ చాంద్రమానమే అయినా మనం మూడేళ్లకోసారి దాదాపుగా అధిక మాసం కలిపి సౌరమానంతో సరిచేసుకుంటాం. హిజ్రీ లెక్కలో ఆ సర్దుబాటు లేదు. ఏడాదికి 354 రోజులే కాబట్టి పండుగ ప్రతి సంవత్సరం పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కనుక పోయిన ఏడు ఏప్రిల్‌లో వచ్చింది గదా అని ఈసారీ అప్పుడే ఎదురుచూడడం కుదరదు.

ఇక భారతదేశానికీ టర్కీకీ ఒక రోజు తేడా ఎందుకు వస్తుందంటే, మన దగ్గర నెలవంకను కంటితో చూశాకే పండుగను ప్రకటిస్తారు. టర్కీలో మత వ్యవహారాల శాఖ అయిన దియానెత్ ఖగోళ గణితంతో తేదీలను కొన్నేళ్ల ముందే నిర్ణయించి ప్రచురిస్తుంది. అక్కడ పండుగ రేపా, ఎల్లుండా అని ముందు రోజు రాత్రి దాకా ఎదురుచూడడం ఉండదు. జర్మనీలో టర్కీ వారు ఎక్కువగా వెళ్లే మసీదులు చాలావరకు దియానెత్ లెక్కనే పాటిస్తాయి. కనుక పొరుగువారు టర్కీ మూలాలవారైతే మనం ఉన్న దేశం ఏదైనా టర్కీ తేదీనే చూసుకోవాలి. 2024లో అక్కడ రమజాన్ బైరామి ఏప్రిల్ 10న వస్తే మన తెలుగు రాష్ట్రాల్లో ఏప్రిల్ 11న వచ్చింది. 2026లో టర్కీ తేదీలు ఇవి: రమజాన్ బైరామి మార్చి 20, 21, 22, అంటే శుక్రవారం నుంచి ఆదివారం దాకా; దాని అరిఫె మార్చి 19. ఆ గురువారమే మన పరాభవ నామ సంవత్సర ఉగాది. కుర్బాన్ బైరామి మే 27 బుధవారం నుంచి మే 30 శనివారం దాకా. దాని అరిఫె మే 26.

ఇప్పుడు మాటలకు వద్దాం. హైదరాబాదులో పెరిగినవారికి వెంటనే నోటికొచ్చే మాట ఈద్ ముబారక్. టర్కీ వారు దీన్ని అర్థం చేసుకుంటారు గానీ తమలో తాము అలా అనుకోరు. వారి మాట ‘బైరామినిజ్ ముబారెక్ ఒల్సున్’. ఇందులో ముబారెక్ మనం ఎరిగిన ముబారకే. తెలుగువారికి ఈ వాక్యం పట్టుబడడం చాలా తేలిక, ఎందుకంటే టర్కిష్ కూడా తెలుగులాగే ప్రత్యయాలు అతికించుకుంటూ పోయే భాష, క్రియ చివర వచ్చే భాష. బైరామ్ అంటే పండుగ, దానికి చేరిన ‘ఇనిజ్’ అంటే మీ, ఒల్సున్ అంటే అగుగాక. వరుస మార్చకుండానే తెలుగులో చెప్పుకోవచ్చు: మీ పండుగ శుభప్రదమగుగాక. కాకపోతే మనం పదానికి ముందు పెట్టే ‘మీ’ని వారు పదం వెనుక తగిలిస్తారు.

ఆ తగిలించేదాంట్లోనే అసలు జాగ్రత్త ఉంది. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వారికి సెన్, సిజ్ ఉన్నాయి. బైరామినిజ్ అంటే మీ పండుగ. బైరామిన్ అంటే నీ పండుగ. టర్కీ స్నేహితుడు సమవయస్కుడికి పంపిన సందేశాన్ని మనం యథాతథంగా తీసుకొని పై అంతస్తులోని అరవై ఏళ్ల ఆవిడకు పంపితే, అందులో బైరామిన్ అని ఉండవచ్చు. విదేశీయులు గదా అని ఆవిడ ఏమీ అనకపోవచ్చు గానీ, మన ఊళ్లో పక్కింటి పెద్దావిడను నువ్వు అన్నట్టే వినిపిస్తుంది. పొరుగువారితో ఎంత చనువున్నా మొదటి ఏడాది సిజ్ రూపమే వాడడం మంచిది. వారు మనల్ని సెన్ అని పిలవడం మొదలుపెట్టినా, వయసులో పెద్దవారైతే మనం మార్చుకోనక్కరలేదు.

ముబారెక్‌కు బదులు కుత్లు అనే మాట కూడా ఉంది: ‘బైరామినిజ్ కుత్లు ఒల్సున్’. అర్థం దాదాపు అదే. ముబారెక్ అరబ్బీ నుంచి వచ్చినది, కుత్లు పాత టర్కిష్ మాట. భక్తిశ్రద్ధలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో మొదటిది, అంతగా లేని ఇళ్లలో రెండోది ఎక్కువగా వినిపిస్తుంది గానీ ఎవరికి ఏది పంపినా నొచ్చుకునేవారు అరుదు. ఒక్క తేడా మాత్రం తప్పక గుర్తుంచుకోవాలి. టర్కీలో జాతీయ దినాలను కూడా బైరామ్ అనే అంటారు: ఏప్రిల్ 23న జాతీయ సార్వభౌమాధికార, బాలల దినం, మే 19న యువజన, క్రీడా దినం, ఆగస్టు 30న విజయ దినం, అక్టోబరు 29న గణతంత్ర దినం. వీటికి కుత్లు ఒల్సున్ మాత్రమే నప్పుతుంది. గణతంత్ర దినానికి ముబారెక్ ఒల్సున్ అంటే, మనకెవరో స్వాతంత్ర్య దినోత్సవం నాడు సత్యనారాయణ వ్రతానికి చెప్పినట్టు శుభాకాంక్షలు చెబితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

మెట్ల మీద ఎదురుపడినప్పుడు ఇంత పొడుగు వాక్యం అక్కరలేదు. ‘ఇయి బైరామ్లార్’ చాలు. ఇయి అంటే మంచి, బైరామ్లార్ అంటే పండుగలు. ఒకే పండుగ అయినా బహువచనం ఎందుకని ఆశ్చర్యపోనవసరం లేదు. మనం ఒక్క శుభాకాంక్ష చెప్పం, శుభాకాంక్షలే చెబుతాం. ఇదే మూసలో ‘ముత్లు బైరామ్లార్’ అంటే సంతోషకరమైన పండుగలు, ‘హయిర్లి బైరామ్లార్’ అంటే శుభం చేకూర్చే పండుగలు. చివరిదానికి కొంచెం భక్తి ఛాయ ఉంటుంది. ఏమీ తేల్చుకోలేనప్పుడు ఇయి బైరామ్లార్ అనడమే క్షేమం. అంగట్లో, బస్సులో, ఆఫీసులో అందరూ అందరికీ చెప్పే మాట అదే.

వారే ముందు పలకరిస్తే ‘సిజె దె’, అంటే మీకు కూడా అని బదులివ్వాలి. కొందరు ‘సిజిన్ దె బైరామినిజ్ ముబారెక్ ఒల్సున్’ అని మనకు కూడా చెబుతారు. అది మన పండుగ కాదు గదా అని సర్దిచెప్పబోకుండా, ‘తెషెక్కుర్ ఎదెరిమ్’ అని ధన్యవాదాలు చెప్పి ఊరుకోవచ్చు.

వ్రాసి పంపేటప్పుడు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది సంబోధన. పేరు తరువాత ఆడవారికి హానిమ్, మగవారికి బే చేరుస్తారు. ఇది మన గారు లాంటిదే, ఇంటిపేరుకు కాక సొంత పేరుకు చేరుతుంది. చనువుంటే పెద్దావిడను తెయ్‌జె, పెద్దాయనను అమ్‌జా అని పిలుస్తారు, మనం అత్తయ్యగారూ, బాబాయిగారూ అన్నట్టే. రెండోది లిపి. టర్కిష్‌లో చుక్క ఉన్న i, చుక్క లేని ı రెండు వేర్వేరు అక్షరాలు. బైరామినిజ్‌లోని రెండు ‘ఇ’లూ చుక్క లేనివి, వాటి ఉచ్చారణ మన ఇకారానికీ ఉకారానికీ మధ్యలో ఉంటుంది, దాన్ని తెలుగు లిపిలో సరిగా వ్రాయలేం. ఫోనులో టర్కిష్ కీబోర్డు పెట్టుకుంటే సరిపోతుంది. లేకపోయినా చుక్కతో వ్రాస్తే వారికి అర్థమవుతుంది, కానీ సరైన అక్షరాలతో వచ్చిన సందేశాన్ని చూసి వారు మురిసిపోతారు. పై అంతస్తులోని ఆవిడకు పంపదగిన సందేశం ఇది:

```
Ayşe Hanım, bayramınız mübarek olsun.
Ailenizle birlikte sağlıklı, huzurlu bayramlar dilerim.
```

రెండో వాక్యానికి అర్థం, మీ కుటుంబంతో కలిసి ఆరోగ్యంగా, ప్రశాంతంగా పండుగలు జరుపుకోవాలని కోరుకుంటున్నాను అని. ఇందులో రమజాన్ అని గానీ కుర్బాన్ అని గానీ పేరు పెట్టలేదు. అందుకు కారణం ఉంది. రమజాన్ బైరామిని కొందరు షెకెర్ బైరామి, అంటే మిఠాయిల పండుగ అంటారు. కొందరు మతాభిమానులకు ఆ పేరు నచ్చదు. ఉపవాస మాసాన్ని పక్కకు నెట్టి మిఠాయిని ముందుకు తెచ్చినట్టుందని వారి అభ్యంతరం. ఆ పేరుతోనే పెరిగినవారికి అందులో తప్పేమీ కనిపించదు. ఈ వాదంలో పొరుగువారు ఎటున్నారో మనకు తెలియదు కాబట్టి ఊరికే బైరామ్ అనవచ్చు, లేదా వారి నోట ఏ పేరు విన్నామో ఆ పేరే తిరిగి అనవచ్చు.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. ‘అల్లాహ్ కబుల్ ఎత్సిన్’, అంటే భగవంతుడు స్వీకరించుగాక అని ఉపవాసం ఉన్నవారితోనూ, బలి ఇచ్చినవారితోనూ అంటారు. వారు ఆ పని చేశారని తెలిస్తేనే ఆ మాట నప్పుతుంది. టర్కీలో అలెవీ సంప్రదాయం వారు గణనీయంగా ఉన్నారు. వారిలో చాలామంది రంజాన్ నెలలో కాక ముహర్రం నెలలో ఉపవాసం ఉంటారు. ఏ ఉపవాసమూ ఉండనివారు కూడా ఉన్నారు. వారందరికీ బైరామ్ పలకరింపు సంతోషమే గానీ, ఉండని ఉపవాసానికి దీవెన ఇబ్బంది కలిగిస్తుంది.

ఇక ఏ గంటకు పంపాలన్నది. అరిఫె రోజు మధ్యాహ్నం టర్కీ వారు సమాధుల దగ్గరకు వెళ్లి శుభ్రం చేసి ప్రార్థిస్తారు, ఇంట్లో పిండివంటలు సాగుతుంటాయి. ఆ సాయంత్రం నుంచి సందేశాలు మొదలవుతాయి. అంతకన్నా ముందే, ఉదాహరణకు వారు సొంత ఊరికి ప్రయాణమవుతూ లిఫ్టు దగ్గర ఎదురైతే, ‘షిమ్దిదెన్ ఇయి బైరామ్లార్’ అనాలి. షిమ్దిదెన్ అంటే ఇప్పటినుంచే, మనం ముందస్తు శుభాకాంక్షలు అన్నట్టు. టర్కీలోనే ఉంటున్నవారికి ఈ మాట మరీ అవసరం, ఎందుకంటే వారం మధ్యలో బైరామ్ వచ్చినప్పుడు ప్రభుత్వం తరచు మిగిలిన పనిదినాలను కూడా కలిపి తొమ్మిది రోజుల సెలవు ఇస్తుంది, సగం వీధి ఖాళీ అయిపోతుంది.

మొదటి రోజు ఉదయం సూర్యోదయమైన సుమారు ముప్పావుగంటకు మసీదులో బైరామ్ నమాజు జరుగుతుంది. నమాజు ముగిశాక ఇంటికి వచ్చి కుటుంబమంతా కలిసి ఫలహారం చేస్తారు. నెల రోజుల తరువాత పగటిపూట తినే మొదటి భోజనం అది. పిల్లలు పెద్దల చేతిని ముద్దాడి నుదుటికి ఆనించుకుంటారు, పెద్దలు వారి చేతిలో డబ్బు పెడతారు. ఆ తరువాత చుట్టపు చూపులు మొదలవుతాయి. ఆ వరుసలో వయసులో చిన్నవారు పెద్దవారి ఇంటికి ముందు వెళ్లాలి. కనుక సందేశం ఉదయం తొమ్మిది తరువాత, తలుపు తట్టడం మధ్యాహ్నం తరువాత అని పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. కొలోన్ కుటుంబానికి 2025లో ఇంకో చిక్కు కూడా ఉంది: సరిగ్గా ఆ ఆదివారం తెల్లవారుజామునే జర్మనీలో గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. టర్కీ గడియారం మార్చదు. గోడ గడియారం సరిచేసుకోకుండా తొమ్మిదయిందనుకొని సందేశం పంపితే అప్పటికే పదయి ఉండేది, ఆ కుటుంబం బంధువుల ఇంటికి బయలుదేరి ఉండేది.

ఆ రోజు ఉగాది కూడా కాబట్టి ఆ తెలుగు కుటుంబం బొబ్బట్లు చేసి ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి పళ్లెంలో నాలుగు బొబ్బట్లతో పైకి వెళితే జరిగేది దాదాపు ఇలా ఉంటుంది. తలుపు తీయగానే చెప్పులు బయట విడుస్తారు, అది మనకు కొత్త కాదు. కూర్చున్నాక దోసిట్లో కొలొన్యా, అంటే నిమ్మ సువాసన గల పరిమళ జలం పోస్తారు. అది చేతులకు రాసుకోవాలి. (ఈ పేరు కొలోన్ నగరం పేరు నుంచే వచ్చింది.) తరువాత మిఠాయి పళ్లెం వస్తుంది. ఒకటైనా తీసుకోకపోవడం బాగుండదు. బక్లావా తిన్నాక వండినవారితో ‘ఎలినిజె సాలిక్’ అనాలి, మీ చేతికి ఆరోగ్యం కలుగుగాక అని దాని అర్థం. పెద్దావిడ చేతిని ముద్దాడడం పరాయివారికి తప్పనిసరి కాదు, చేయి కలిపినా చాలు. పిల్లలెవరైనా చూసి నేర్చుకొని చేస్తే ఆవిడ ‘ఎల్ ఒపెన్లెరిన్ చొక్ ఒల్సున్’ అంటుంది: నీ చేతిని ముద్దాడేవారు ఎందరో ఉండుగాక, అంటే నువ్వూ పెద్దయి నలుగురి గౌరవం పొందాలి అని దీవెన. పావుగంట, అరగంట కూర్చొని లేవాలి. ఆ రోజు వారి గుమ్మం ముందు ఇంకా చాలామంది ఉంటారు. మనం తీసుకెళ్లిన పళ్లెం వెంటనే తిరిగి రాకపోతే మరచిపోయారనుకోకూడదు. ఖాళీ పళ్లెం వెనక్కి పంపడం వారికీ ఆచారం కాదు.

కుర్బాన్ బైరామిలో మాటలు అవే, మొదటి రోజు వేళ మాత్రం వేరు. నమాజు తరువాత బలి, కోత, పంపకం ఉంటాయి కాబట్టి ఆ పూట వెళ్లకూడదు. రెండో రోజు వెళ్లడమే మేలు. యూరోపులో చాలాచోట్ల ఇంటి దగ్గర బలి ఇవ్వడానికి వీలులేదు కాబట్టి చాలామంది సంస్థలకు డబ్బు కట్టి వేరే చోట ఇప్పిస్తారు, అప్పుడు ఇల్లు అంత హడావిడిగా ఉండదు. బలి మాంసంలో ఒక భాగం పొరుగువారికి ఇవ్వడం ఆనవాయితీ. అది మేకపోతు, గొర్రె కావచ్చు, ఎద్దు కూడా కావచ్చు. తిననివారు గుమ్మంలో తడబడే కంటే ముందే, మామూలు రోజుల్లో మాటల మధ్య, ‘బిజ్ ఎత్ యెమియొరుజ్’ అని, అంటే మేము మాంసం తినము అని చెప్పి ఉంచాలి. అప్పుడు మాంసం సంచీకి బదులు మిఠాయి వస్తుంది. తినేవారు సంచీ అందుకొని ఇలా అంటే చాలు, లేదా తరువాత ఇలా వ్రాసి పంపవచ్చు:

```
Çok teşekkür ederiz, Allah kabul etsin.
```

చివరిగా రెండు సందర్భాలు. పండుగ రోజులు దాటిపోయాక గుర్తొస్తే ఇయి బైరామ్లార్ అనకూడదు. ‘గెచ్మిష్ బైరామినిజ్ ముబారెక్ ఒల్సున్’, అంటే గడిచిన మీ పండుగ శుభప్రదమగుగాక అనాలి. వారం, పది రోజుల వరకు ఇది చెల్లుతుంది. ఇందులోంచి నడిమి మాటలు జారిపోతే ‘గెచ్మిష్ ఒల్సున్’ మిగులుతుంది; అది జబ్బుపడినవారితో, కష్టంలో ఉన్నవారితో అనే మాట. పండుగ చేసుకొని వచ్చినవారితో అలా అంటే మీకేమైంది పాపం అని అడిగినట్టు ఉంటుంది.

రెండోది, ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే. మరణం తరువాత వచ్చే మొదటి బైరామ్‌కు టర్కీ వారు ప్రత్యేకంగా ఆ ఇంటికి వెళ్లి కూర్చొని వస్తారు, మనం తొలి పండుగకు వెళ్లినట్టే. అక్కడ ముత్లు అనే మాట, అంటే సంతోషం అనేది రాకూడదు. పూలు, మిఠాయిల బొమ్మలు ఉన్న సందేశాలు పంపకూడదు. వెళ్లగలిగితే వెళ్లాలి, లేదా ఇంత వ్రాయాలి:

```
Başınız sağ olsun. Allah sabır versin.
```

మొదటిది పరామర్శ మాట, రెండోది భగవంతుడు ఓర్పునిచ్చుగాక అని. ఆ ఇంట్లోవారే మిఠాయి పళ్లెం ముందుకు జరిపి ఇయి బైరామ్లార్ అంటే, అప్పుడు మెల్లగా ‘సిజె దె’ అని ఒకటి తీసుకోవచ్చు.